విండోస్‌లో పనిచేసే యూఎస్‌బీ కీబోర్డు ఆన్ చేయగానే ఎందుకు పనిచేయట్లేదు?

ప్రశ్న: సార్, నాది డెస్క్‌టాప్. కొత్త ఎస్ఎస్‌డీ కొన్నాను, విండోస్ ఎక్కిద్దామని పెన్ డ్రైవ్ కూడా రెడీ చేసుకున్నాను. కానీ ఆన్ చేయగానే డిలీట్, F2 ఎంత నొక్కినా బయోస్ రావట్లేదు, నేరుగా పాత విండోస్‌లోకి వెళ్ళిపోతోంది. లోపలికి వెళ్ళాక అదే కీబోర్డు బాగానే పనిచేస్తోంది. కీబోర్డు పోయిందా, బోర్డు పోయిందా? ఏమేం చూసుకోవాలి?

జవాబు:

టెన్షన్ పడకండి, రెండూ పోయినట్టు లేవు. మీరు చెప్పిన లక్షణాలకి ఎక్కువగా కారణమయ్యేది బయోస్‌లో `Fast Boot` ఆన్‌లో ఉండడం. అది కాకపోతే కీబోర్డు పెట్టిన పోర్టు. పాత విండోస్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి మీకు సులువైన దారి ఒకటుంది: డిలీట్ కీతో పని లేకుండా విండోస్ నుంచే బయోస్‌లోకి వెళ్ళి ఆ సెట్టింగ్ తీసేయండి. అంతకంటే ముందు కీబోర్డుని వెనక వైపు, బోర్డు మీదే నేరుగా ఉండే నల్ల యూఎస్‌బీ పోర్టులో పెట్టండి.

నేను కాకినాడలో చాలా ఏళ్ళుగా కంప్యూటర్ సర్వీస్ చేస్తున్నాను. ఈ కంప్లయింటుతో వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే కొత్త కీబోర్డు కొనేసి ఉంటారు, దానితోనూ పని జరగక బోర్డు మార్చాలేమో అనుకుంటూ వస్తారు. అందుకే ఏదీ కొనకముందు చేయాల్సిన పరీక్ష ఒకటి చెప్తాను.

క్యాప్స్ లాక్ లైటు చూడండి. కీబోర్డు మీది క్యాప్స్ లాక్, నమ్ లాక్ లైట్లు కీబోర్డు తనంతట తాను వెలిగించుకునేవి కావు. మీరు కీ నొక్కితే ఆ సంగతి కంప్యూటర్‌కి వెళ్తుంది, కంప్యూటర్ తిరిగి "లైటు వెలిగించు" అని చెప్తే అప్పుడు వెలుగుతుంది. కాబట్టి నొక్కినప్పుడల్లా లైటు మారుతోందంటే అవతల ఎవరో కీబోర్డుని గుర్తుపట్టి మాట్లాడుతున్నారని అర్థం. ఆన్ చేయగానే కంపెనీ లోగో కనిపించే సమయంలో అది బయోస్, ఆ తర్వాత విండోస్. పవర్ ఇవ్వగానే లైట్లన్నీ ఒకసారి మెరిసి ఆరిపోవడం వేరు, అది కరెంటు అందిందన్న సంగతి మాత్రమే చెప్తుంది. రంగురంగుల లైట్లు తిరిగే కీబోర్డుల సంగతీ అంతే, ఐదు వోల్టులు అందితే చాలు అవి వెలిగిపోతాయి. "లైట్లు వస్తున్నాయి సార్, కీబోర్డు మాత్రం పనిచేయట్లేదు" అని చాలామంది అనేది ఇందుకే.

ఇప్పుడు సిస్టమ్ పూర్తిగా ఆపి, ఆన్ చేసి, మొదటి సెకను నుంచే క్యాప్స్ లాక్‌ని సెకనుకి ఒకసారి చొప్పున నొక్కుతూ ఉండండి. స్క్రీన్ కాదు, లైటు చూడండి.

కంపెనీ లోగో ఉన్నప్పుడే లైటు మారుతుంటే బయోస్‌కి మీ కీబోర్డు తెలుసు. అప్పుడు సమస్య కీబోర్డుది కాదు, సమయానిది. కొన్ని మానిటర్లు, ముఖ్యంగా టీవీని హెచ్‌డీఎంఐతో కలిపి వాడేవాళ్ళకి, బొమ్మ రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, ఈలోగా బయోస్ తన పని ముగించుకుని విండోస్‌కి అప్పగించేస్తుంది. బొమ్మ కోసం ఆగకుండా పవర్ బటన్ నొక్కిన వెంటనే డిలీట్ కీని టకటకా కొడుతూ ఉండండి, నొక్కి పట్టుకోవద్దు. చిన్న సైజు కీబోర్డుల్లో F2 రావాలంటే Fn కూడా పట్టుకోవాల్సి ఉంటుంది, అదీ చూసుకోండి.

విండోస్ గుండ్రటి చుక్కలు తిరగడం మొదలయ్యాకే, లేదా లాక్ స్క్రీన్ వచ్చాకే లైటు స్పందిస్తే బయోస్ దశలో కీబోర్డుని ఎవరూ పలకరించలేదన్నమాట. మీ కేసు ఇదే అయి ఉంటుంది. ఎప్పటికీ స్పందించకపోతే అది పోర్టో, కేబులో, కీబోర్డో. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఫాస్ట్ బూట్ ఏం చేస్తుంది? మామూలుగా పవర్ ఇవ్వగానే బయోస్ యూఎస్‌బీ కంట్రోలర్‌ని లేపి, ఒక్కో పోర్టులో ఏముందో అడిగి, కీబోర్డు కనిపిస్తే దాన్ని వాడుకలోకి తెచ్చుకుంటుంది. దీనికి కొంత టైమ్ పడుతుంది, పోర్టుల్లో ప్రింటరూ, హబ్బూ, కార్డ్ రీడరూ ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఆ టైమ్ మిగల్చడానికే ఫాస్ట్ బూట్ ఈ పనిని కొంతో, మొత్తమో వదిలేసి నేరుగా డిస్క్ దగ్గరికి వెళ్ళిపోతుంది. విండోస్ వచ్చాక తన సొంత డ్రైవర్‌తో మళ్ళీ మొదటినుంచీ పోర్టులన్నీ వెతుక్కుంటుంది, అందుకే లోపల అన్నీ బాగానే ఉంటాయి. కొన్ని బోర్డుల్లో `Fast Boot` కింద `USB Support` అని ఇంకో లైను ఉంటుంది. అక్కడ పూర్తిగా, కొంతవరకు, అసలు వద్దు అనే అర్థం వచ్చే ఆప్షన్లుంటాయి, పేర్లు బోర్డుని బట్టి మారతాయి. కొన్నిట్లో `Ultra Fast` అని ఉంటుంది, అది పెట్టాక డిలీట్ కీతో బయోస్‌లోకి వెళ్ళడం దాదాపు కుదరదు.

విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ వేరు, ఇది వేరు. ఫాస్ట్ స్టార్టప్ అంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నల్ భాగాన్ని డిస్క్‌లో దాచిపెట్టుకోవడం. దాన్ని ఆపేస్తే బయోస్‌లో కీబోర్డు వచ్చేస్తుందని చాలాచోట్ల రాస్తుంటారు, బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉన్నంతవరకు దాంతో సాధారణంగా ఏమీ మారదు. అయినా ఒకసారి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి చూడడంలో నష్టం లేదు, రీస్టార్ట్‌కి ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు.

విండోస్ నుంచి బయోస్‌లోకి. ముందు రన్ బాక్సులో `msinfo32` కొట్టి `BIOS Mode` అన్న లైను చూడండి. అక్కడ `UEFI` అని ఉంటే పని సులువు. స్టార్ట్ మెనూలో షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం స్క్రీన్ వస్తుంది, అందులో `Troubleshoot`, `Advanced options`, `UEFI Firmware Settings` వరసగా నొక్కుకుంటూ వెళ్ళి రీస్టార్ట్ చేయండి. లేదా కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి:

```
shutdown /r /fw /t 0
```

ఇది కొన్నిసార్లు మొదటిసారి 203 అనే ఎర్రర్ ఇస్తుంది, మళ్ళీ కొడితే పనిచేయడం చూశాను. లినక్స్ వాడేవాళ్ళకైతే ఇది:

```
systemctl reboot --firmware-setup
```

ఇలా వెళ్ళినప్పుడు కీబోర్డు బయోస్‌లో పనిచేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. "ఈసారి నేరుగా సెటప్‌లోకి వెళ్ళాలి" అని ముందే తెలుస్తుంది కాబట్టి బయోస్ ఫాస్ట్ బూట్ దారి వదిలి యూఎస్‌బీని మామూలుగా లేపుతుంది, దాదాపు అన్ని బోర్డుల్లోనూ కీబోర్డు వస్తుంది. లోపల `Boot` మెనూలో `Fast Boot` ని `Disabled` చేసి, F10 తో సేవ్ చేసి బయటికి రండి. బూట్ టైమ్ కాస్త పెరుగుతుంది, ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. నా దగ్గరికొచ్చే సిస్టమ్స్‌లో నేను దీన్ని ఎప్పుడూ ఆపేసే పంపిస్తాను. రేపు విండోస్ పాడై లేవకపోతే బయోస్‌లోకి వెళ్ళే దారి ఉండాలి కదా.

`msinfo32` లో `Legacy` అని ఉంటే పై దారి ఉండదు, ఆ మెనూలో ఆ ఆప్షనే కనిపించదు. అప్పుడు సిస్టమ్ ఆపి, కరెంటు వైరు తీసి, విండోస్ ఉన్న డిస్క్ సాటా కేబుల్‌ని ఊడదీసి ఆన్ చేయండి. బూట్ చేయడానికి ఏమీ దొరకకపోతే చాలా బోర్డులు ఫాస్ట్ బూట్ పక్కన పెట్టి పూర్తి వరసలో వెళ్తాయి, కొన్ని తామే బయోస్ తెరుస్తాయి. మీరు పెన్ డ్రైవ్ కూడా పెట్టాలనుకుంటున్నారు కాబట్టి ఆ పరీక్షకి మాత్రం దాన్ని తీసేయండి, లేకపోతే ఏది ఎందుకు జరిగిందో తేలదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్‌లో ఏది ముట్టుకున్నా తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కొత్త సిస్టమ్స్‌లో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు, కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. అది ముందే ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకుని మొదలుపెట్టండి.

ఇక పోర్టు సంగతి. ఫాస్ట్ బూట్ ఆపినా రాకపోతే చూడాల్సింది ఇదే. కాస్త పాత బోర్డుల్లో కొన్ని నీలం పోర్టులు చిప్‌సెట్ నుంచి రావు, బోర్డు మీద విడిగా పెట్టిన ఇంకో చిన్న చిప్ నుంచి వస్తాయి. ఆ చిప్‌కి విండోస్‌లో డ్రైవర్ ఉంటుంది, బయోస్‌లో మాత్రం ఒక్కోసారి ఉండదు, ఉన్నా సెట్టింగ్‌లో ఆపేసి ఉంటుంది. అందుకే వెనకవైపు నల్ల పోర్టు అన్నాను. యూఎస్‌బీ కీబోర్డుకి పెద్ద స్పీడు అక్కర్లేదు, నల్ల పోర్టులో పెట్టినందువల్ల మీరు కోల్పోయేది ఏమీ లేదు. ముందు వైపు పోర్టులు క్యాబినెట్ లోపల ఒక కేబుల్ మీద ఆధారపడతాయి, అది వదులైతే ఇంకో తలనొప్పి. హబ్బు, కేవీఎం స్విచ్, మానిటర్ వెనక ఉండే యూఎస్‌బీ పోర్టు, వీటన్నిటినీ పరీక్ష అయ్యేవరకు పక్కన పెట్టండి.

ఈ రెండూ కలిసి ఎలా ఇబ్బంది పెడతాయో ఒక కేసుతో చెప్తాను. ఇక్కడి ఫొటో స్టూడియో ఆయన సిస్టమ్ తెచ్చారు, అచ్చం మీ పరిస్థితే: కొత్త ఎస్ఎస్‌డీ, పెన్ డ్రైవ్, బయోస్ రాదు. రంగుల లైట్ల కీబోర్డు, క్యాబినెట్ పైభాగంలో ఉన్న నీలం పోర్టులో పెట్టుకున్నారు. క్యాప్స్ లాక్ పరీక్ష చేస్తే లాక్ స్క్రీన్ వచ్చేదాకా లైటు కదల్లేదు. వెనక నల్ల పోర్టులోకి మార్చాను, అదే పరిస్థితి. ఇక్కడే చాలామంది "పోర్టు కాదు" అని ఆ అనుమానం కొట్టేస్తారు. `msinfo32` లో `UEFI` ఉంది, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేస్తే బయోస్ తెరుచుకుంది, కీబోర్డూ పనిచేసింది. చూస్తే `Fast Boot` ఆన్‌లో ఉంది, దాని కింద యూఎస్‌బీ లైను `Disabled` లో ఉంది. స్పీడుగా లేవాలని అంతకుముందు ఎవరో పెట్టినట్టున్నారు. ఫాస్ట్ బూట్ ఆపి సేవ్ చేశాను, డిలీట్ కీ పనిచేసింది, ఆయన సిస్టమ్ తీసుకెళ్ళారు. సాయంత్రం ఫోన్: "మళ్ళీ అదే సార్." ఇంటికెళ్ళి కీబోర్డుని పాత అలవాటు ప్రకారం పైన నీలం పోర్టులో పెట్టారు, ఆ బోర్డులో ఆ పోర్టు విడి చిప్ నుంచి వస్తోంది. వెనకకి మార్చమంటే సరిపోయింది. రెండు కారణాలు ఒకేసారి ఉన్నప్పుడు ఒకటి సరిచేసి చూస్తే మార్పు కనిపించదు. అందుకే కీబోర్డుని వెనక నల్ల పోర్టులోనే ఉంచి, అక్కడినుంచి కదల్చకుండా మిగతావి ఒక్కొక్కటి మార్చుకుంటూ రండి.

బయోస్‌లో ఇంకో రెండు లైన్లు మీకు కనిపిస్తాయి. `Legacy USB Support` ని `Enabled` లో ఉంచండి. బాగా పాత బోర్డుల్లో ఇది ఆపితే విండోస్ వచ్చేదాకా కీబోర్డు ఉండదు. యూఈఎఫ్ఐ బోర్డుల్లో ఆపినా బయోస్ స్క్రీన్‌లో పనిచేస్తుంది, పాత తరహా బూట్ మెనూల్లోనూ డాస్‌లోనూ మాత్రం పోతుంది. `Auto` అంటే యూఎస్‌బీ పరికరం ఏదీ లేకపోతే ఆ సపోర్టు ఆపేయమని, అనుమానం ఉన్నప్పుడు `Auto` కూడా వద్దు. రెండోది `XHCI Hand-off`. దీన్ని మార్చమని అందరూ సలహా ఇస్తుంటారు, కానీ అది బయోస్ చేతిలోని యూఎస్‌బీ కంట్రోలర్‌ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగించే పద్ధతికి సంబంధించినది. మీకు కీబోర్డు రావట్లేదన్నది అంతకంటే ముందు దశ. `Enabled` లో వదిలేయండి.

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు కూడా ఉంది: బయోస్‌లో కీబోర్డు బాగుంటుంది, విండోస్ 7 ఇన్‌స్టాల్ మొదటి స్క్రీన్‌లో చచ్చిపోతుంది. విండోస్ 7 డీవీడీలో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు, ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్ నుంచి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ని తీసేశారు, అందుకని అక్కడ నల్ల పోర్టు కూడా పనిచేయదు. మీది ఆ సమస్య కాదు, ఇలాంటిది వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం రాశాను.

కీబోర్డే కారణమయ్యే సందర్భాలు. బయోస్‌లోని కీబోర్డు డ్రైవర్ చాలా చిన్నది. యూఎస్‌బీ కీబోర్డులకి బూట్ ప్రోటోకాల్ అని ఒక సాదా భాష ఉంది: ఎనిమిది బైట్ల సందేశం, అందులో షిఫ్ట్, కంట్రోల్ లాంటి వాటికి ఒక బైటు, ఒకటి ఖాళీ, మిగతా ఆరు బైట్లలో ఒకేసారి నొక్కిన ఆరు కీల వరకు. బయోస్‌కి మామూలుగా అర్థమయ్యేది ఇదే. కొన్ని గేమింగ్ కీబోర్డులు అన్ని కీలనీ ఒకేసారి పంపడానికి వేరే పద్ధతిలో మాట్లాడతాయి, లేదా ఒకే కేబుల్ మీద రెండు మూడు పరికరాల్లా కనిపిస్తాయి, అక్కడ కొన్ని బయోస్‌లు తికమకపడతాయి. అందుకే కొన్ని గేమింగ్ కీబోర్డులకి వెనక `BIOS` అని రాసిన చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిట్లో Fn తో కలిపి నొక్కే కీ ఉంటుంది, కీబోర్డు మాన్యువల్‌లో చూడండి. పక్కింట్లోంచో ఆఫీసులోంచో నాలుగు వందల రూపాయల మామూలు వైరు కీబోర్డు తెచ్చి అదే పోర్టులో పెడితే ఇది నిమిషంలో తేలిపోతుంది.

వైర్‌లెస్ అయితే, చిన్న డాంగిల్‌తో వచ్చేవి బయోస్‌కి మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తాయి, పనిచేస్తాయి. బ్లూటూత్‌వి మాత్రం సాధారణంగా పనిచేయవు, ఆ జత కలిపే పని విండోస్ చేస్తుంది కాబట్టి. కేబుల్ ఊడదీసే రకం కీబోర్డు అయితే ఇంకో చిన్న విషయం: ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే టైప్-సి కేబుల్ పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, డేటా తీగలు లేక ఒక్క అక్షరం రాదు. అది విండోస్‌లోనూ రాదు కాబట్టి తేలిగ్గానే పట్టుకోవచ్చు.

ఎక్కడా, విండోస్‌లో కూడా, క్యాప్స్ లాక్ లైటు కదలకపోతే పోర్టు లోపల టార్చి వేసి చూడండి. మా సముద్రపు ఊళ్ళలో పోర్టు పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టడం మామూలే, వంగిన పిన్ను ఒకదానికొకటి తగులుకోవడం కూడా చూస్తుంటాం. అలా షార్ట్ అయినప్పుడు కొన్ని బోర్డులు `USB Device Over Current Status Detected` అని చూపించి 15 సెకన్లలో ఆగిపోతాయి, కొన్ని ఏమీ చెప్పకుండా ఆ పోర్టుల జతకి కరెంటు ఆపేస్తాయి. అలాంటప్పుడు అన్నీ పీకేసి, గోడ స్విచ్ ఆపి, కరెంటు వైరు తీసి, పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత కీబోర్డు ఒక్కటే పెట్టి చూడండి.

బయోస్ రీసెట్ నేను చివర్లో పెట్టుకుంటాను. కరెంటు వైరు తీసి, బోర్డు మీది CR2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టడం, లేదా బోర్డు పుస్తకంలో `CLR_CMOS`, `CLRTC`, `JBAT1` లాంటి పేరుతో ఉన్న రెండు పిన్నుల్ని పవర్ లేనప్పుడు కొన్ని సెకన్లు కలపడం. ఎక్కువ బోర్డుల్లో దీంతో యూఎస్‌బీ మళ్ళీ మామూలు దశకి వస్తుంది, కొన్నిట్లో మాత్రం ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఫాస్ట్ బూట్ ఆన్ ఉంటుంది. దీనికి ఒక ఖర్చుంది: మిగతా సెట్టింగ్స్ కూడా పోతాయి. మీ పాత విండోస్ `Legacy` పద్ధతిలో ఎక్కించినదైతే, రీసెట్ తర్వాత ఆ పాత పద్ధతి బూట్‌కి దారిచ్చే `CSM` అనే సెట్టింగ్ ఆగిపోయి అది లేవకపోవచ్చు, సాటా మోడ్ మారితే `INACCESSIBLE_BOOT_DEVICE` అని నీలం స్క్రీన్ రావచ్చు. రెండిట్లోనూ డేటా ఎక్కడికీ పోదు, ఆ సెట్టింగ్ వెనక్కి మార్చగానే లేస్తుంది. తేదీ, టైమ్ రోజూ వెనక్కి పోతుంటే మాత్రం ఆ బ్యాటరీ ఎలాగూ మార్చాల్సిందే, దాంతోపాటే మీ పాత సెట్టింగ్స్ కూడా ఎగిరిపోతుండొచ్చు.

ఇన్ని చేసినా రాకపోతే బోర్డు వెనక గుండ్రటి పీఎస్/2 సాకెట్ ఉందేమో చూడండి, చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇప్పటికీ ఉంటుంది. పాత పీఎస్/2 కీబోర్డు దొరికితే సిస్టమ్ ఆపి ఉన్నప్పుడే దాన్ని పెట్టి, తర్వాత ఆన్ చేయండి. నడుస్తుండగా పెడితే గుర్తించదు, పోర్టుకి కూడా మంచిది కాదు. యూఎస్‌బీ కీబోర్డుకి తగిలించే చిన్న ఆకుపచ్చ, ఊదారంగు కన్వర్టర్లు ఆ రెండు భాషలూ తెలిసిన పాత కీబోర్డులకే పనిచేస్తాయి, ఇప్పటివాటిలో చాలావాటికి పనిచేయవు. పీఎస్/2 కీబోర్డుతో బయోస్ తెరుచుకుంటే లోపల యూఎస్‌బీ లైన్లు సరిచేసుకోండి. అవన్నీ సరిగ్గానే ఉండి, మంచి కీబోర్డు కూడా వెనక ఏ పోర్టులోనూ పలకకపోతే అప్పుడు బోర్డుని చిప్ లెవెల్ సర్వీస్ చేసేవాళ్ళకి చూపించండి.

క్యాప్స్ లాక్ లైటు ఏ దశలో మారిందో, `BIOS Mode` ఏముందో, బోర్డు మీద రాసి ఉన్న మోడల్ పేరేంటో ఇక్కడే కింద రాయండి, మీ బోర్డులో ఆ సెట్టింగ్ ఏ మెనూలో ఉంటుందో చూసి చెప్తాను.